పై శబ్దాలు మడతపడితే: 48 నుంచి 16 కిలోహెర్ట్జ్‌కి దిగేటప్పుడు ‘స’కి ఏమవుతుంది?

ఒక పాఠకుడి ప్రశ్న: “48 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసిన పద్యాలను 16 కిలోహెర్ట్జ్‌కి మార్చాను. ఒక ప్రోగ్రాంలో మారిస్తే ‘స’ గరగరలాడుతోంది, తాళాల మోత వికారంగా ఉంది. ఇంకోదాంట్లో మారిస్తే గరగర లేదు కానీ గొంతు మొద్దుబారిపోయింది. రెండు ఫైళ్లూ 16 కిలోహెర్ట్జే కదా, మరి ఈ తేడా ఎక్కడిది?”

తేడా అంతా ఫిల్టర్‌లో ఉంది. అయితే ఫిల్టర్ చేసే పని అర్థం కావాలంటే, అది లేకపోతే ఏం జరుగుతుందో ముందు చూడాలి.

16 కిలోహెర్ట్జ్ ఫైలులో 8 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న శబ్దాలే పడతాయి, అంటే శాంపిల్ రేటులో సగం. ఇది చాలామందికి తెలుసు. 8 పైన ఉన్నవి వాటంతట అవే పోతాయని కూడా చాలామంది అనుకుంటారు. పోవు. మూడు శాంపిళ్లలో ఒకటి ఉంచి రెండు పారేస్తే, 8 పైనున్న శబ్దమంతా కిందకి వచ్చి కూర్చుంటుంది. దీన్నే ఏలియాసింగ్ అంటారు.

24 సెంటీమీటర్ల పొడవున్న కాగితం పట్టీ ఒకటి తీసుకోండి. ఒక్కో సెంటీమీటరు ఒక్కో కిలోహెర్ట్జ్. 48 కిలోహెర్ట్జ్ రికార్డింగులో పట్టేది సరిగ్గా ఇంతే. దీన్ని 8 దగ్గర వెనక్కి మడవండి, 16 దగ్గర మళ్లీ ముందుకు మడవండి. 8 సెంటీమీటర్ల పొడవున మూడు పొరలు వచ్చాయి. పై పొరలో 6 దగ్గర గుండుసూది గుచ్చితే రెండో పొరలో 10 దగ్గర, మూడో పొరలో 22 దగ్గర రంధ్రం పడుతుంది. కొత్త ఫైలుకి ఆ మూడూ ఒకటే. 10 కిలోహెర్ట్జ్ శబ్దం అందులో 6 కిలోహెర్ట్జ్‌గా వినిపిస్తుంది.

ఇది నమ్మకం మీద తీసుకోనక్కర్లేదు, లెక్క వేసి చూడొచ్చు. సెకనుకి 16,000 శాంపిళ్లు తీస్తుంటే, 10 కిలోహెర్ట్జ్ అల ఒక శాంపిల్ నుంచి మరో శాంపిల్‌కి 225 డిగ్రీలు తిరుగుతుంది. 6 కిలోహెర్ట్జ్ అల 135 డిగ్రీలు తిరుగుతుంది. రెండూ కలిపితే 360. అంటే ముందుకి 225 తిరిగినా వెనక్కి 135 తిరిగినా చేరేది ఒక్క చోటికే, కొసైన్ విలువా ఒక్కటే. మొదటి ఐదు శాంపిళ్లు రెండింటికీ ఇవే: 1, −0.707, 0, 0.707, −1. ఈ అంకెలు రెండింటిలో ఏ అల నుంచి వచ్చాయో తర్వాత ఎవరూ చెప్పలేరు. అందుకే మడతపడ్డ శబ్దాన్ని తర్వాత ఏ ఈక్వలైజర్‌తోనూ వేరుచేయలేం. శాంపిల్ రేటులో సగం వరకు ఉన్న శబ్దాలే పడతాయన్న ఈ నైక్విస్ట్ సిద్ధాంతాన్ని క్లాసుల్లో సూత్రంగా చెప్పి వదిలేస్తుంటారు. ఈ ఐదు అంకెలు విద్యార్థుల చేతనే వేయిస్తే వాళ్లు జన్మలో మర్చిపోరు.

కాగితంలో ఇంకో విషయం ఉంది. రెండో పొరలో అంకెలు తిరగబడి ఉన్నాయి. 8 నుంచి 16కి పైకి వెళ్తున్న శబ్దం కొత్త ఫైలులో 8 నుంచి సున్నాకి దిగుతుంది. సంగీతానికి అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది.

వయొలిన్ మీద 900 హెర్ట్జ్ స్వరం మోగుతోందనుకోండి. దాని హార్మోనిక్‌లు 1800, 2700 అలా 900 గుణిజాలుగా పైకి వెళ్తాయి. 8 కిలోహెర్ట్జ్ దాటాక 9వది 8100 దగ్గర, 10వది 9000 దగ్గర, 11వది 9900 దగ్గర ఉంటాయి. మడతపడితే ఇవి 7900, 7000, 6100కి వస్తాయి. అక్కడ అసలు హార్మోనిక్‌లు 7200, 6300 దగ్గర ముందే ఉన్నాయి. 7200 పక్కన 7000, 6300 పక్కన 6100: ప్రతి జోడీలోనూ 200 హెర్ట్జ్ ఎడం. అంత దగ్గరగా ఉన్న రెండు శబ్దాలు ఒకదాన్నొకటి రాపిడి పెట్టి గరుకుగా వినిపిస్తాయి. ఇప్పుడు గమకంలో స్వరం 900 నుంచి 950కి జారిందనుకోండి. అసలు హార్మోనిక్‌లు అన్నీ పైకి కదులుతాయి. 11వదాని నీడ మాత్రం 6100 నుంచి 5550కి పడిపోతుంది. ఏ వాయిద్యమూ ఇలా మోగదు. అందుకే వయొలిన్‌లో ఈ పై భాగం బలం తక్కువైనా చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది.

‘స’ సంగతి వేరు. అది స్వరం కాదు, గాలి బుసలాంటి రొద. దాని బలం 5 కిలోహెర్ట్జ్ పైన, చాలా గొంతుల్లో 8 దాటి కూడా పరుచుకుని ఉంటుంది. 9 దగ్గరున్న రొద 7కి, 11 దగ్గరున్నది 5కి, 12 దగ్గరున్నది 4కి దిగుతుంది. ‘శ’, ‘ష’లకి బలం ఉండేది ఈ కింది ప్రాంతంలోనే. దానితో ‘స’ మందమై, కాస్త ‘శ’ వైపు జరుగుతుంది. తాళాలకైతే 8 పైన చాలా గట్టి మోత ఉంటుంది. ఒక్కో మోత చాలాసేపు నిలుస్తుంది కాబట్టి దాని నీడ కూడా అంతసేపూ వినిపిస్తుంది.

దీనికి మందు ఒక్కటే: మడవక ముందే కాగితం మీద 8 తర్వాత ఉన్న సిరాని చెరిపేయాలి. ఆ రబ్బరే ఫిల్టర్. అది ఎంత సన్నగా, ఎంత శుభ్రంగా చెరుపుతుందన్న దాన్ని బట్టే పాఠకుడి రెండు ఫైళ్లకీ తేడా వచ్చింది.

అన్నిటికన్నా నాసి రబ్బరు, మూడు శాంపిళ్ల సగటు తీయడం. చేతితో కోడ్ రాసేవాళ్లు తరచూ చేసేది ఇదే. 10 కిలోహెర్ట్జ్ దగ్గర ఇది తగ్గించేది 6 డెసిబెల్‌లే, అంటే సగం ఎత్తు మిగిలిపోతుంది, అది 6కి వచ్చి పడుతుంది. ఇంకోవైపు, ఉంచాల్సిన 7 కిలోహెర్ట్జ్‌ని 2.6 డెసిబెల్‌లు తినేస్తుంది. గరుకూ వస్తుంది, మెరుపూ పోతుంది. 16 దగ్గర మాత్రం పూర్తిగా సున్నా చేస్తుంది, కాబట్టి దాని చుట్టుపక్కల నుంచి బాగా కిందకి వచ్చి పడేవి తక్కువ. సగటు తీసిన ఫైలు తొందరగా వింటే “ఫర్వాలేదు” అనిపించేది అందుకే.

మంచి ఫిల్టర్‌కి రెండు కొలతలు అడగాలి: ఎక్కడ వరకు ముట్టుకోదు, ఎక్కడ నుంచి పూర్తిగా చెరిపేస్తుంది. ఈ రెంటి మధ్య ఎడం తగ్గేకొద్దీ ఫిల్టర్ పొడవు పెరుగుతుంది. ఆ పొడవుని గుణకాల్లో లెక్కిస్తారు, అంటే వరుస శాంపిళ్లని గుణించి కలిపే అంకెల్లో. 80 డెసిబెల్‌ల చెరుపు కావాలనుకుని, పొడవుని అంచనా వేసే కైజర్ సూత్రంతో లెక్కేస్తే, 7 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య వాలడానికి సుమారు 240 గుణకాలు కావాలి. 7.6 నుంచి 8కి వాలాలంటే 600. ఈ ఎడం పాత బాధే. టెలిఫోన్ 8 కిలోహెర్ట్జ్ రేటులో 4 వరకు చోటున్నా 3.4 దగ్గరే ఆగింది. ‘హెచ్‌డీ వాయిస్’ కాల్స్ వెనకున్న ఏఎంఆర్-వైడ్‌బ్యాండ్ కోడెక్ 16 కిలోహెర్ట్జ్‌లో నడుస్తూ 7 దగ్గర ఆగింది. మిగిలినదంతా రబ్బరు తిరగడానికి వదిలిన చోటు.

మరీ నిటారుగా తెంపినా ఒక చిక్కు ఉంది. 600 గుణకాల ఫిల్టర్ 48 కిలోహెర్ట్జ్ దగ్గర పన్నెండున్నర మిల్లీసెకన్లు సాగుతుంది. గుణకాలు నడిమి నుంచి అటూ ఇటూ ఒకేలా ఉండే రకమైతే, ‘ట’, ‘క’ లాంటి స్ఫోటం రాకముందే దాని ముందు ఆరు మిల్లీసెకన్ల వరకు సన్నటి మోగుడు మొదలవుతుంది. ఆ మోగుడు తెంపిన చోటి ఫ్రీక్వెన్సీలోనే, అంటే 8 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో ఉంటుంది. అది చెవికి బాగా అందే ప్రాంతం. అదే 44.1 కిలోహెర్ట్జ్‌కి దిగుతున్నప్పుడైతే ఈ మోగుడు 20 పైన పడుతుంది, పెద్దవాళ్ల చెవికి అక్కడ దాదాపు ఏమీ వినపడదు. సీడీ రేటు ఫిల్టర్‌ల వాలు గురించి ఆడియో ప్రియుల్లో నడిచే వాదనల్లో చాలా భాగం నాకు మూఢనమ్మకంగానే తోస్తుంది. మూత వేసి, ఏది ఏదో తెలియకుండా వినిపిస్తే వాటిలో ఎక్కువ నిలబడవు. 16 కిలోహెర్ట్జ్ దగ్గర మాత్రం అదే వాలు అందరికీ వినపడే విషయం. అందుకే మాట కోసం నేను 7 దగ్గర మొదలై 8కి ముగిసే వాలుని ఇష్టపడతాను.

మీ ప్రోగ్రాం ఏ రకమో అరగంటలో తేల్చుకోవచ్చు. సాక్స్ అనే ఉచిత సాధనంతో, సెకనుకి ఒక కిలోహెర్ట్జ్ చొప్పున పైకి ఎక్కే ఒక్క శబ్దాన్ని తయారుచేయండి. తర్వాత ఫిల్టర్ లేకుండా ఒకసారి, ఫిల్టర్‌తో ఒకసారి దింపండి:

```
sox -r 48000 -n -b 24 sweep.wav synth 23 sine 20:23000 gain -6
sox sweep.wav -r 16000 bad.wav downsample 3
sox sweep.wav good.wav rate -v 16000
sox bad.wav -n spectrogram -o bad.png
sox good.wav -n spectrogram -o good.png
```

మొదటి బొమ్మలో గీత 8వ సెకను దాకా ఎక్కి, 16వ సెకనుకి నేలకి దిగి, మళ్లీ ఎక్కుతుంది. కాగితం మడతలు అక్కడ కళ్లెదుటే కనిపిస్తాయి. రెండో బొమ్మలో గీత 8 సెకన్ల దగ్గర ఆగిపోయి తర్వాతంతా నల్లగా ఉంటుంది. ఇప్పుడు `sweep.wav`ని మీ ప్రోగ్రాంలో పెట్టి 16కి మార్చి, వచ్చిన బొమ్మని ఈ రెండింటితో పోల్చండి. దిగే గీత మసకగా కనిపించినా ఏలియాసింగ్ ఉన్నట్టే. ఎక్కే గీత 6.5 దగ్గరే పల్చబడితే మొద్దు గొంతుకి కారణం అదే. సాక్స్‌లోనే `rate -l` అని రాస్తే అది పదిలంగా ఉంచేది పై హద్దులో 80 శాతమే, అంటే 6.4 కిలోహెర్ట్జ్. `-h`, `-v` అయితే 95 శాతం, 7.6. పాఠకుడి రెండో ఫైలు `-l` లాంటి ఫిల్టర్ నుంచి వచ్చి ఉండాలి, మొదటిది ఫిల్టర్ లేకుండానో సగటుతోనో వచ్చి ఉండాలి.

అసలు పాట మార్చేటప్పుడు `clipped` అన్న మాటతో హెచ్చరిక వస్తే కంగారు పడకండి. పై హార్మోనిక్‌లు తీసేశాక అల ఆకారం మారి, శిఖరాలు ముందుకన్నా కాస్త ఎత్తు లేవడం మామూలే. `rate` ముందు `gain -2` పెట్టి మళ్లీ నడపండి, సరిపోతుంది.

48 కిలోహెర్ట్జ్ మూలం పోయి, మడతపడ్డ ఫైలు ఒక్కటే మిగిలితే చేయగలిగింది కొంచెమే. గొంతులో బలం పైకి వెళ్లేకొద్దీ తగ్గుతుంది కాబట్టి నీడలు ఎక్కువగా 6 నుంచి 8 మధ్యే పోగవుతాయి. 6 పైన మెల్లగా తగ్గిస్తే గరుకు చాలావరకు పోతుంది, దానితో పాటు ‘స’ మెరుపు కూడా కొంత పోతుంది. తాళాలున్న చోట్ల మాత్రం నీడలు ఇంకా కిందకి దిగి ఉంటాయి, అక్కడ ఇది పనిచేయదు.