స్పోర్ట్స్ బ్రా మీద అపోహలు: ముందు బ్యాండ్ సంగతి చూడండి

అపోహ: స్ట్రాప్స్ ఎంత బిగిస్తే అంత సపోర్ట్.

"ఇంకాస్త గట్టి స్ట్రాప్స్ ఉన్న మోడల్ ఇవ్వండి." స్పోర్ట్స్ బ్రాల ఫిట్టింగ్ చూసే నాకు దాదాపు రోజూ వినిపించే మాట ఇది. అడిగినవాళ్ల భుజాల మీద అప్పటికే ఎర్రగా గాట్లు పడి ఉంటాయి. పరుగులో రొమ్ములు కదిలి నొప్పెడుతున్నాయని స్ట్రాప్స్ బిగిస్తారు. బిగించినకొద్దీ వెనక బ్యాండ్ వీపు మీదికి ఎగబాకుతుంది, ముందువైపు కిందికి దిగుతుంది. కదలిక అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ బిగిస్తారు. పరుగే తమకు పడదనుకుని మానేసినవాళ్లను కూడా చూశాను. అందుకే ఈ ఒక్క అపోహ మీద నాకు అంత కోపం.

వాస్తవం: సపోర్ట్‌లో ఎక్కువ భాగం రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ ఉండే బ్యాండ్‌దే. రొమ్ము లోపల కండరం ఉండదు. దాన్ని పట్టి ఉంచేవి చర్మం, లోపలి సన్నని లిగమెంట్లు. పరుగెత్తేటప్పుడు అది పైకీ కిందికీ మాత్రమే కాదు, పక్కలకీ ముందుకీ వెనక్కీ కూడా కదులుతుంది. బ్యాండ్ ఒంటికి అంటుకుని నిలబడకపోతే పైన ఎంత లాగినా ప్రయోజనం ఉండదు.

ఈమధ్య ఒకావిడ 38బి వేసుకుని వచ్చారు. రొమ్ముల మీదుగా కొలిస్తే 38 అంగుళాలు వచ్చిందని 38 కొనేశారట. ఆ పొరపాటు చాలామంది చేస్తారు. బ్యాండ్ సైజుకు కొలవాల్సింది రొమ్ముల కింద. ఊపిరి వదిలాక టేపు అడ్డంగా, సమానంగా, ఒంటికి తగిలేలా పట్టాలి. ఆవిడకు 33 వచ్చింది, బ్యాండ్ సైజులు సరిసంఖ్యల్లోనే ఉంటాయి కాబట్టి 34 బ్యాండ్. 38కీ 34కీ తేడా 4 అంగుళాలు. అంగుళానికో అక్షరం లెక్కన డి కప్.

"డీనా? నాకు అంత లేదండీ!" అన్నారు కంగారుగా.

ఆ కంగారు నాకు అర్థమవుతుంది, చాలామందికి ఆ అక్షరం వింటేనే సిగ్గు. కానీ ఒక్క అక్షరాన్ని బట్టి సైజు తెలియదమ్మా. 38బి, 36సి, 34డి, ఈ మూడింటి కప్పులోనూ పట్టేది ఒక్కటే. బ్యాండ్ ఒక సైజు తగ్గిస్తే అక్షరం ఒకటి పెరుగుతుంది, అంతే. డి దాటాక మాత్రం అక్షరాలు బ్రాండుకో రకంగా ఉంటాయి, ఆ బ్రాండ్ చార్టే చూసుకోవాలి.

కొత్త 34డి వేశాక అన్నిటికన్నా వదులు హుక్‌కి పెట్టించాను. వాడేకొద్దీ ఎలాస్టిక్ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్స్‌కి మారొచ్చు. వెనక బ్యాండ్ కింద రెండు వేళ్లు దూరాయి, అంతకన్నా సాగలేదు. స్ట్రాప్స్ రెండూ భుజాల మీంచి దించేసి చేతులు పైకెత్తమన్నాను. బ్యాండ్ ఉన్నచోటే ఉంది. అసలు పరీక్ష ఇదే. పాత బ్రాతో చేసినప్పుడు అది నాలుగు వేళ్లు పైకి లేచింది. తర్వాత స్ట్రాప్స్ వేసి, నిలబడ్డచోటే కాసేపు పరుగెత్తించి, లోతుగా ఊపిరి తీయమన్నాను. ఊపిరి అడ్డుపడితే బ్యాండ్ మరీ బిగువు. కప్పు అంచు దగ్గర రొమ్ము పొంగితే కప్పు చిన్నది, గుడ్డ ముడతలు పడితే పెద్దది. ఆవిడకు ఈ మూడూ లేవు. స్ట్రాప్స్ నేనే కాస్త వదులు చేశాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

చిన్న సైజు వాళ్లకు అక్కర్లేదంటారు. తప్పు, పరుగులో నొప్పి ఏ సైజు వాళ్లకైనా వస్తుంది.

బిగువు బ్రాతో క్యాన్సర్ వస్తుందని ఫార్వర్డ్‌లు తిరుగుతుంటాయి. దానికి ఆధారం లేదు, దయచేసి పంపకండి. గడ్డ తగిలినా, పరుగుతో సంబంధం లేని నొప్పి ఉన్నా డాక్టర్‌ను కలవండి.

యోగాకి కొన్నదే పరుగుకీ చాలుతుందనుకుంటారు. లేబుల్ మీద లో, మీడియం, హై అని ఉండేది ఇందుకే, పరుగుకు హై చూడండి. రొమ్ములు కాస్త పెద్దవైతే రెంటినీ కలిపి ఛాతీకి అదిమేసే రకం కన్నా, దేనికది విడిగా కప్పు ఉన్న రకం బాగా పట్టి ఉంచుతుంది.

కాటన్ ఒంటికి మంచిదనే మాట పరుగు దగ్గర చెల్లదు. కాటన్ చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, బ్యాండ్ కింద ఒరుసుకుని పుండు పడుతుంది. పాలిస్టర్ లేదా నైలాన్‌లో ఎలాస్టేన్ కలిసిన గుడ్డ తీసుకోండి. కొనేముందు స్ట్రాప్‌ను నిలువుగా లాగి చూడండి. రబ్బర్‌లా సాగిపోతే ప్రతి అడుగుకూ అలాగే సాగుతుంది. లోపలి కుట్ల మీద వేలు పోనిచ్చి గరుకుగా ఉన్నచోటు చూసుకోండి, ఒరిపిడి మొదలయ్యేది అక్కడే. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, డ్రయ్యర్ వేడి అసలే వద్దు, ఎలాస్టిక్ పాడవుతుంది. అన్నిటికన్నా బిగువు హుక్‌కి పెట్టినా బ్యాండ్ పైకి లేస్తోందంటే, పైకి ఎంత కొత్తగా కనిపించినా ఆ బ్రా ఇక పరుగుకు పనికిరాదు.