పిల్లల పుట్టినరోజు పిలుపు: కొన్ని అపోహలు, వాస్తవాలు

పిల్లల పుట్టినరోజు వేడుకలకు వంట, ఏర్పాట్లు చేయడం నా వృత్తి. విందు రోజు వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం వంటగదిలో ఉండదు, పది రోజుల ముందు తల్లిదండ్రులకు వెళ్లిన సందేశంలో ఉంటుంది.

అపోహ: తరగతి వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ జవాబిస్తారు.

గ్రూపులో వచ్చేవి శుభాకాంక్షలు. ఒక తల్లి అందమైన కార్డు పెడితే సాయంత్రానికి కేకు బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు పందొమ్మిది వచ్చాయి. వస్తామని చెప్పినవారు నలుగురే. ఆవిడ అంచనా వేసుకుని పిల్లలకు 30 ప్లేట్లు చెప్పారు. ఆదివారం సరిగ్గా 30 మందే వచ్చారు. కానీ వారిలో తరగతి పిల్లలు 14 మంది, చంటి తమ్ముళ్లు, చెల్లెళ్లు ఐదుగురు, పిల్లలతో పాటు ఉండిపోయిన పెద్దలు 11 మంది. లెక్క సరిపోయింది, భోజనం సరిపోలేదు. పాస్తా, చిన్న పూరీలు పట్టుకుని పెద్దలు నిలబడి ఉంటే ఆ తల్లి ముఖం చూడలేకపోయాను. ఎంతమంది అన్నదే కాదు, ఎవరెవరు అన్నది కూడా అడగాలి.

అందుకే ఒక్కొక్కరికి విడిగా పంపండి. బ్రాడ్‌కాస్ట్ జాబితా సులువే కానీ, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే అది చేరుతుంది. బడి పరిచయాల్లో చాలామంది దాచుకోరు.

అపోహ: శాకాహారమా, మాంసాహారమా అని అడిగితే చాలు.

మన ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు వారాన్ని బట్టి మారుతుంది. ఆదివారం కోడికూర తినే కుటుంబమే శనివారం ముట్టదు. కార్తీకమాసంలో, ఇంట్లో అయ్యప్ప మాల ఉన్నప్పుడు వారాల తరబడి మానేస్తారు. జైన కుటుంబాలకు ఉల్లి, వెల్లుల్లితో పాటు బంగాళాదుంప కూడా పనికిరాదు. ముస్లిం కుటుంబాలు మాంసం హలాలా కాదా అని తెలుసుకోవాలనుకుంటాయి. కాబట్టి ‘ఏం తింటారు’ అని కాకుండా ‘ఏం తినరు’ అని అడగాలి.

అన్నిటికన్నా నన్ను భయపెట్టే జవాబు ‘పడదు’. ఈ మాటకు మనలో రెండు అర్థాలున్నాయి. ఐస్‌క్రీం తింటే జలుబు చేస్తుందన్నా పడదనే అంటారు, వేరుశెనగ తింటే పెదవులు వాచి ఊపిరి ఆడదన్నా పడదనే అంటారు. మొదటిదైతే ఐస్‌క్రీం ఇవ్వకుంటే సరిపోతుంది. రెండోదైతే పల్లీ చట్నీ గరిటె ఇంకో గిన్నెలో పెట్టడం కూడా ప్రమాదమే. పులిహోరలోనూ, వేయించే నూనెలోనూ పల్లీ ఉండవచ్చు. సందేశంలో ‘పడదు’ అని కనిపిస్తే వెంటనే ఫోను చేసి, ‘తింటే ఏమవుతుందండీ?’ అని అడగండి. దద్దుర్లు, వాపు, ఆయాసం అన్న మాటల్లో ఏది వినిపించినా వంటవారికి అదే రోజు చెప్పాలి. నేనైతే అలాంటి బిడ్డ ఉంటే పల్లీని ఆ రోజు వంటలన్నిటి నుంచీ తీసేస్తాను.

ఇంకో సంగతి. గుడ్డు లేని కేకు అందరికీ సురక్షితం కాదు. గుడ్డుకు బదులు అందులో చాలాసార్లు పెరుగో, చిక్కటి తీపి పాలో వేస్తారు. పాలు పడని బిడ్డకు అది ఇవ్వకూడదు.

అపోహ: గడువు పెడితే అమర్యాద.

ఇంటికి వెళ్లి బొట్టు పెట్టి పిలిచే సంప్రదాయం మనది. వస్తారా, రారా అని తేదీ పెట్టి అడగడానికి మనసు ఒప్పదు, నాకు తెలుసు. కానీ కారణం చెప్పి అడిగితే ఎవరూ నొచ్చుకోరు. ఆదివారం విందుకు మేము శుక్రవారం సరుకులు తెస్తాం, గురువారం రాత్రికి లెక్క కావాలి. నేను రాసి ఇచ్చే సందేశం ఇలా ఉంటుంది:

> నమస్తే అండీ. 14వ తేదీ ఆదివారం మా పాపకు ఆరేళ్లు నిండుతాయి. సాయంత్రం 5 నుంచి 7:30 వరకు మా ఇంట్లో చిన్న వేడుక. మీ బాబు వస్తే మా పాపకు ఎంతో సంతోషం. మీరు కూడా ఉండి భోజనం చేసి వెళ్లండి.
> 1. పిల్లలు ఎంతమంది, పెద్దలు ఎంతమంది వస్తారు?
> 2. ఆ రోజు మీరు గానీ, పిల్లలు గానీ తినకూడనివి, పడనివి ఏమైనా ఉన్నాయా?
> వంటవారికి చెప్పాలి కాబట్టి గురువారం రాత్రి 8 లోపు ఒక మాట రాయండి. రాలేకపోయినా చెప్పండి, ఏమీ అనుకోము.

ఆ చివరి వాక్యం తీసేయకండి. రానని చెప్పడానికి మొహమాటపడేవారే ఎక్కువగా మౌనంగా ఉండిపోతారు, ఆ వాక్యం వారి కోసమే. జవాబు రానివారికి శుక్రవారం పొద్దున్నే, మేము బజారుకు బయలుదేరే ముందు, ఫోను చేయండి.