ఏడు చేపల కథను యానిమేట్ చేస్తే ఏం తీసేయాలి, ఏం ఉంచాలి? అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒకే ప్రశ్న ఏడుసార్లు వస్తే ప్రేక్షకుడికి విసుగొస్తుంది, రెండు మూడు తీసేయాలి.

వాస్తవం: కొత్తవాళ్లు ముందు కత్తెర పెట్టేది ఇక్కడే. చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పాప, చీమ. ఈ వరుసే కథ. మధ్యలో ఆవును తీసేస్తే గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చిందో చెప్పేవాళ్లుండరు. తగ్గించాల్సింది ప్రశ్నలను కాదు, ఒక్కోదానికి ఇచ్చే సమయాన్ని. చేప దగ్గర 20 సెకన్లు తీరిగ్గా నడిపి పద్ధతి అలవాటు చేయాలి. ఆవు దగ్గరికొచ్చేసరికి 12 చాలు. అవ్వ దగ్గర 6, అంటే అడిగేవాడు షాట్‌లోకి రాకముందే ప్రశ్న వినబడిపోవాలి. పాప దగ్గర మళ్లీ నెమ్మదించాలి. ఇదంతా బొమ్మలు కదిలించకముందే, షాట్ల వారీగా గీసుకున్న స్టోరీబోర్డు బొమ్మలకు మన గొంతే పెట్టుకుని వరుసగా నడిపే యానిమాటిక్‌లో తేల్చుకోవాలి. చూసేవాళ్లు తర్వాతి ప్రశ్నను తామే ముందుగా అనేస్తుంటే లయ కుదిరినట్టు. అవ్వ దగ్గర ఫోన్ తీశారంటే అంతకుముందే ఎక్కడో సాగదీశాం.

అపోహ: రాజుగారి ఏడుగురు కొడుకులూ ఉండాల్సిందే, లేకపోతే కథ మార్చినట్టే.

వాస్తవం: వేటకెళ్లి చేపలు తెచ్చాక వాళ్లకు పనేం లేదు. సెకనుకు 24 ఫ్రేములు, రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున గీసినా ఒక మనిషి 20 సెకన్లు కదలడానికి 240 బొమ్మలు కావాలి. ఏడుగురికి 1,680. ఒక్క కొడుకు చాలు, ప్రశ్నలూ వాడే అడుగుతాడు. చేపలు మాత్రం ఏడూ ఉండాలి. ఆరు ఎండి ముడుచుకుపోయి, పక్కన ఒక్కటి తడితో మెరుస్తుంటేనే ప్రశ్న పుడుతుంది. అవి కదలవు కాబట్టి ఖర్చూ లేదు.

అపోహ: కథకుడి గొంతు పూర్తిగా తీసేస్తేనే సినిమా అవుతుంది.

వాస్తవం: బొమ్మలో కనిపించేది చెప్పే వాక్యాలు పోవాలి. “చేపా చేపా, ఎందుకు ఎండలేదు?” అన్న పిలుపు పోకూడదు, పిల్లలు పట్టుకునేది దాన్నే.

అపోహ: చివర్లో నీతి చెప్పకపోతే అసంపూర్తిగా ఉంటుంది.

వాస్తవం: “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అని చీమ అడిగాక ఇక ఎవరు మాట్లాడినా చప్పబడుతుంది. నిర్మాతలు ఇక్కడ నీతి కావాలని పట్టుబడతారు, మనమూ వద్దని పట్టుబట్టాలి. పుట్టను ముందే చూపిస్తే గుట్టు బయటపడుతుంది. అలాగని ఏ జాడా లేకుండా చివర్లో చీమను ఊడిపడేలా చేసినా అతకదు. దీనికి శబ్దం పనికొస్తుంది. మొదటి షాట్ నుంచే దూరంగా పాప ఏడుపు సన్నగా వినిపించాలి, ఒక్కో ప్రశ్నకూ కొంచెం పెరగాలి, కానీ ఎవరూ పట్టించుకోకూడదు. చీమ మాట అయ్యాక ఒక సెకను ఆగి, నేరుగా పేర్లు వేసేయడమే.