మడత గీత అనే అద్దం

జవహర్ నవోదయ విద్యాలయాల ఆరో తరగతి ప్రవేశ పరీక్షలో, మానసిక సామర్థ్య విభాగం కింద, అద్దపు ప్రతిబింబాల ప్రశ్నలూ, కాగితాన్ని మడిచి రంధ్రం చేసి విప్పితే ఎలా ఉంటుందో గుర్తించే ప్రశ్నలూ వేర్వేరు భాగాలుగా వస్తాయి. విద్యార్థులు వీటిని రెండు విడి పాఠాలుగా నేర్చుకుంటారు గాని, నిజానికి ఈ రెండింటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. కాగితంపై పడే ప్రతి మడత గీతా ఒక అద్దమే. మడత విప్పినప్పుడు, గీతకు ఒకవైపున ఎంత దూరంలో రంధ్రం ఉందో, రెండోవైపున సరిగ్గా అంతే దూరంలో మరో రంధ్రం కనిపిస్తుంది.

ఒక ఉదాహరణను అడుగడుగునా చూద్దాం. చదరపు కాగితాన్ని నాలుగు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలుగా, అంటే 16 గడులుగా ఊహించుకోండి. మొదట కుడి సగాన్ని ఎడమ సగం మీదికి మడవాలి. ఇప్పుడు రెండు పొరలున్న నిలువు దీర్ఘచతురస్రం మిగులుతుంది. తరువాత దాని ఎడమ పై మూలను ఏటవాలుగా లోపలికి మడిచి, ఆ మూల కుడి అంచు మధ్య బిందువును తాకేలా ఉంచాలి. ఈ స్థితిలో రెండు రంధ్రాలు చేస్తాం: ఒకటి పైనుంచి రెండో వరుస, రెండో గడిలో; ఇంకొకటి మూడో వరుస, మొదటి గడిలో.

రంధ్రాలు ఎన్ని అవుతాయన్న దగ్గరే చాలామంది తడబడతారు. రెండు మడతలు కాబట్టి ఎక్కడ గుచ్చినా నాలుగు పొరలే అనుకుని ఎనిమిది రంధ్రాల బొమ్మను ఎంచుకుంటారు. కాని లెక్కించవలసింది మడతలను కాదు, సరిగ్గా ఆ చోట ఉన్న పొరలను. మొదటి రంధ్రం ఉన్నచోట, మడిచిన మూల కూడా వచ్చి చేరింది కనుక నాలుగు పొరలున్నాయి. రెండో రంధ్రం ఉన్న చోటికి ఆ మూల చేరలేదు కనుక అక్కడ రెండే పొరలు. మొత్తం ఆరు రంధ్రాలు రావాలి.

ఇక విప్పడం చివరి మడతతోనే మొదలవ్వాలి. ఏటవాలు మడతను విప్పితే, రెండో వరుస రెండో గడిలోని రంధ్రానికి జతగా మొదటి వరుస మొదటి గడిలో రంధ్రం తేలుతుంది. మూడో వరుసలోనిది ఉన్నట్టే ఉంటుంది. తరువాత నిలువు మడతను విప్పితే, మొదటి నిలువు వరుసలోనివి నాలుగో దానిలోకీ, రెండో దానిలోనివి మూడో దానిలోకీ ప్రతిబింబిస్తాయి. కాబట్టి మొదటి, మూడో అడ్డు వరుసల్లో రంధ్రాలు రెండు చివరల్లోనూ, రెండో వరుసలో నడిమి రెండు గడుల్లోనూ ఉన్న బొమ్మే సరైన జవాబు.

ఈ అడుగులను మనసులో వేయడానికి నిజంగానే సమయం పడుతుందని మనస్తత్వశాస్త్ర పరిశోధకులు రోజర్ షెపర్డ్, క్రిస్టీన్ ఫెంగ్ 1972లో ప్రచురించిన ప్రయోగం చూపింది. విప్పి పరచిన ఘనం బొమ్మపై రెండు బాణాలు గీసి, దాన్ని మడిస్తే అవి ఒకదానికొకటి ఎదురుపడతాయా అని వారు అడిగారు. మడతలతో పాటు కదలవలసిన చదరాల సంఖ్య పెరిగిన కొద్దీ జవాబుకు పట్టే సమయమూ పెరిగింది. అందుకే ఊహలోనే అన్నీ మోయకుండా, ఒక్కో మడత విప్పాక రంధ్రాల స్థానాలను చిత్తు కాగితంపై చుక్కలుగా పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

పూర్తిగా విప్పకముందే కొన్ని ఐచ్ఛికాలను కొట్టివేయడమూ సాధ్యమే. మొదటి మడత కాగితాన్ని సరిగ్గా సగం చేసి ఉంటే, తుది బొమ్మ ఆ గీతకు ఇరువైపులా తప్పక సౌష్ఠవంగా ఉండాలి. మన ఉదాహరణలో ఎడమ రంధ్రాలను ప్రతిబింబించకుండా రెండు గడుల పక్కకు జరిపి గీసిన బొమ్మ ఈ పరీక్షలోనే తేలిపోతుంది. రెండో మడతకు మాత్రం ఈ నియమం మొత్తం కాగితానికి వర్తించదు; ఏటవాలు గీతకు ఇరువైపులా ఆరు రంధ్రాలూ సరితూగవని పై బొమ్మలోనే చూడవచ్చు.

గుండ్రటి రంధ్రానికి దిక్కు ఉండదు. కత్తిరించిన ముక్క మూడు భుజాలూ వేర్వేరు పొడవులున్న త్రిభుజమైతే, స్థానంతో పాటు దాని తీరూ చూడాలి. ఇక్కడే అద్దపు ప్రశ్నల్లోని మెళకువ పనికొస్తుంది. ఒకసారి తిరగబడిన పొరలో త్రిభుజం ప్రతిబింబంగా కనిపిస్తుంది. రెండుసార్లు తిరగబడిన పొరలో అది మళ్ళీ అసలు త్రిభుజమే, కాకపోతే తిప్పి పెట్టినట్టు ఉండవచ్చు. తిప్పిన బొమ్మకూ ప్రతిబింబానికీ తేడా పట్టాలంటే, పొట్టి, మధ్యమ, పొడుగు భుజాలను ఆ క్రమంలో చూసుకుంటూ వెళ్ళాలి. అసలు బొమ్మలో అవి గడియారం ముల్లు తిరిగే దిశలో వస్తే, ఎంత తిప్పినా ఆ దిశ మారదు. ప్రతిబింబంలో మాత్రం తప్పక ఎదురు తిరుగుతుంది.