ఏడు లక్షల శాంపిల్‌కు అసలు బలం ఎంత?

2007 జులైలో దేశంలో హెచ్ఐవీతో జీవిస్తున్నవారి అంచనా ఒక్కసారిగా సగానికి పడిపోయింది. అంతకుముందు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ చెప్పిన సంఖ్య 52 లక్షలు, ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం చెప్పినది 57 లక్షలు. కొత్త అంచనా 25 లక్షలు. వ్యాధి తగ్గలేదు, లెక్క మారింది. పాత అంచనాలు ప్రధానంగా ప్రభుత్వ ఆస్పత్రులకు వచ్చే గర్భిణుల రక్తపరీక్షల మీద, సుఖవ్యాధుల క్లినిక్‌ల మీద ఆధారపడినవి. గుంటూరు జిల్లాలో ఇంటింటికీ వెళ్లి రక్తం పరీక్షించిన ఒక అధ్యయనం, ఆ పద్ధతిలో వచ్చిన అంచనా వాస్తవానికి రెట్టింపు దాటి ఉందని 2006లోనే చూపించింది. ఆ వెంటనే మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2005-06) ఫలితాలు వచ్చాయి. దేశం మొత్తం మీద 15-49 ఏళ్లవారిలో హెచ్ఐవీ 0.28 శాతమని అది తేల్చింది.

ఆ 0.28 ఎలా వచ్చిందన్నది, శాంపిల్‌ను ఎంచిన తీరు దాని బలాన్ని ఎలా మారుస్తుందో చూసే ఈ కథనానికి ముఖ్యం. ఆ సర్వే దేశమంతటా ఒకే నిష్పత్తిలో మనుషులను ఎంచలేదు. హెచ్ఐవీ ఎక్కువగా ఉందనుకున్న ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, మణిపూర్, తమిళనాడులకు, వాటితోపాటు ఉత్తరప్రదేశ్‌కు విడివిడిగా అంచనాలు కావాలి కాబట్టి అక్కడ కావాలనే ఎక్కువమందికి పరీక్షలు చేశారు. మిగతా చాలా రాష్ట్రాల్లో తక్కువ ఇళ్లతో సరిపెట్టారు. అలా పోగైన ఫలితాలను నేరుగా కలిపి సగటు తీస్తే, వ్యాధి ఎక్కువున్న రాష్ట్రాల గొంతే దేశం గొంతుగా వినిపిస్తుంది.

రెండు రాష్ట్రాలతో చూద్దాం. ఆ సర్వే ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్ఐవీ 0.97 శాతం, ఉత్తరప్రదేశ్‌లో 0.07 శాతం. రెండింటిలో సమానంగా మనుషులను పరీక్షించారనుకుంటే సగటు 0.52 వస్తుంది. కానీ 2001 జనగణనలో ఆంధ్రప్రదేశ్ జనాభా 7.62 కోట్లు, ఉత్తరప్రదేశ్ జనాభా 16.62 కోట్లు. ఆ నిష్పత్తిలో తూచితే సగటు 0.35కి దిగుతుంది. ఇక్కడ పెద్దల జనాభాకు బదులు మొత్తం జనాభా వాడాను కాబట్టి ఇది స్థూల లెక్కే. అయినా విషయం తెలుస్తుంది. వెయిట్ అంటే ఇంతే: ఈ వ్యక్తి ఎంపికయ్యే అవకాశం ఎంత తక్కువైతే, అతను అంత ఎక్కువమంది తరఫున మాట్లాడుతున్నట్టు. పరీక్షకు ఒప్పుకోనివారి సంఖ్య చోటుచోటుకూ మారుతుంది కాబట్టి, ఆ సర్వేలో హెచ్ఐవీ ఫలితాలకు విడిగా ఒక వెయిట్ కూడా తయారుచేశారు.

ఈ ఆలోచన చాలా పాతది. జనాభాను వర్గాలుగా విడగొట్టి, ఒక్కో వర్గం నుంచి వేర్వేరు నిష్పత్తిలో యాదృచ్ఛికంగా ఎంచినా సరైన అంచనా రాబట్టవచ్చని గణాంకవేత్త జెర్జీ నేమాన్ 1934లో సిద్ధాంతపరంగా చూపాడు. పెద్ద ఊరికి పెద్ద అవకాశం ఇచ్చే ఎంపికను, అంటే జనాభాకు అనుపాతంలో ఊళ్లను తీసే పద్ధతిని, 1943లో అమెరికాలో హాన్సెన్, హర్విట్జ్ స్థిరపరిచారు. మన దేశంలో గణాంకవేత్త మహలనోబిస్ 1937 నుంచి బెంగాల్ జనపనార సాగు విస్తీర్ణం కొలిచే పనిలో ఉన్నాడు. ఆయనకు పట్టుకున్న చింత అంచనా ఎంత అన్నదొక్కటే కాదు, అది ఎంత తప్పి ఉండవచ్చన్నది కూడా. ఒకే ప్రాంతాన్ని రెండు స్వతంత్ర ఉపనమూనాలుగా కొలిపించి, రెండు జవాబుల మధ్య తేడాను బట్టి పొరపాటు పరిమాణం అంచనా వేసేవాడు. 1950లో మొదలైన జాతీయ నమూనా సర్వేలో ఈ అలవాటు పాతుకుపోయింది. చాలా రౌండ్ల డేటా ఫైళ్లలో వెయిట్‌గా పనికొచ్చే గుణకం 100 రెట్లుగా నమోదై ఉంటుంది. రెండు ఉపనమూనాలను కలిపి వాడేటప్పుడు, ఒక ఉపనమూనాలో సర్వే చేసిన ఊళ్ల సంఖ్య ఉండే `NSS`, రెండింటిలో కలిపిన సంఖ్య ఉండే `NSC` నిలువువరుసలు సమానమైతే 100తోనూ, కాకపోతే 200తోనూ భాగించాలి. ఈ వాక్యం చదవకుండా అన్నిచోట్లా 100తోనే భాగించినవారికి రాష్ట్ర జనాభా దాదాపు రెట్టింపు వస్తుంది. అదొక అదృష్టం, ఎందుకంటే ఆ తప్పు కంటికి కనిపిస్తుంది.

కంటికి కనిపించని తప్పు ఇంకొకటుంది. దానికి పేరు పెట్టినవాడు ఆనాటి హంగరీలో పుట్టి మిచిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లెస్లీ కిష్. ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు. బావి ఒకటే, బడి ఒకటే, ఆరోగ్య కార్యకర్త ఒకరే. కాబట్టి ఒక ఊళ్లో ఇరవైమందిని అడగడం, ఇరవై ఊళ్లలో ఒక్కొక్కరిని అడగడంతో సమానం కాదు. సర్వే రూపకల్పన వల్ల అంచనా విస్తృతి, అంటే నమూనా మారితే అంచనా ఎంత ఊగుతుందో చెప్పే ప్రామాణిక దోషానికి వర్గం, సాదా యాదృచ్ఛిక నమూనాతో పోలిస్తే ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పే నిష్పత్తికి కిష్ 1965లో డిజైన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. క్లస్టర్ల వరకు, అంటే ఇలా గుంపుగా ఎంచిన ఊళ్లు, పేటల వరకు దాని సూత్రం చిన్నదే:

```
deff = 1 + (m - 1) * rho
```

ఇందులో `m` అంటే ఒక క్లస్టర్‌లో అడిగినవారి సంఖ్య, `rho` అంటే ఒకే క్లస్టర్‌లోని ఇద్దరి జవాబులు ఎంతగా కలుస్తాయన్న కొలత. వెయిట్లు ఎగుడుదిగుడుగా ఉంటే ఇది మరింత పెరుగుతుంది.

ఐదో కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) 7,24,115 మంది స్త్రీలను పలకరించింది. క్లస్టర్లు 30,198. అంటే ఒక్కో క్లస్టర్‌కు సుమారు 24 మంది. ఒక అంశానికి `rho` 0.05 అయితే డిజైన్ ఎఫెక్ట్ 2.15, ఏడు లక్షల శాంపిల్‌కు సాదా యాదృచ్ఛికంగా ఎంచిన 3.37 లక్షలమంది బలమే మిగులుతుంది. ఇంట్లో మరుగుదొడ్డి ఉండటం లాంటివి ఊరంతా ఒకేలా ఉండే అంశాలు. అలాంటిచోట `rho` 0.3 ఉందనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 7.9కి వెళుతుంది, మిగిలే బలం 92 వేలు. ఇవి నేను వేసుకున్న విలువలే, కానీ అసాధారణమైనవి కావు.

దేశం మొత్తానికి 92 వేలైనా పెద్ద సంఖ్యే కదా అనవచ్చు. నిజమే, జాతీయ సగటు దగ్గర ఎవరికీ ఇబ్బంది రాదు. కథ జిల్లా దగ్గర మలుపు తిరుగుతుంది. మూడో సర్వే వరకు ఈ శాంపిల్ రాష్ట్రస్థాయి అంచనాల కోసమే. అప్పుడు 1,24,385 మంది స్త్రీలను అడిగారు. నాలుగో సర్వే (2015-16) నుంచి ప్రతి జిల్లాకూ అంచనా ఇవ్వాలన్నారు, శాంపిల్ 6,99,686కు పెరిగింది. జిల్లా చిన్నదైనా పెద్దదైనా దాదాపు ఒకే స్థాయిలో ఇళ్లు కావాలి. దీంతో రెండు పరిణామాలు జరిగాయి. జాతీయ లెక్కలో జిల్లాల మధ్య వెయిట్ల తేడాలు బాగా పెరిగాయి. రెండోది, జిల్లాల మీద పరిశోధన పత్రాలు వెల్లువెత్తాయి.

ఒక ఊహాజనిత జిల్లాను తీసుకుందాం. 707 జిల్లాలకు పంచితే సగటున 1,024 మంది స్త్రీలు. అక్కడ ఒక సూచిక నాలుగో సర్వేలో 44 శాతం, ఐదో సర్వేలో 39 శాతం అనుకుందాం, రెండుసార్లూ శాంపిల్ అంతే. సాదా లెక్కలో తేడా ప్రామాణిక దోషం 2.2 పాయింట్లు. 5ను 2.2తో భాగిస్తే 2.3 వస్తుంది, 95 శాతం విశ్వాసానికి గీత అయిన 1.96 దాటింది కాబట్టి ‘గణనీయమైన తగ్గుదల’ అని రాసేస్తారు. డిజైన్ ఎఫెక్ట్ 2.15 అనుకుంటే ప్రామాణిక దోషం దాని వర్గమూలం మేరకు, అంటే 1.47 రెట్లు పెరిగి 3.2 అవుతుంది. నిష్పత్తి 1.57కు పడిపోతుంది. 95 శాతం విశ్వాస అంతరం సున్నాను దాటి అవతలికి వెళుతుంది. తగ్గిందో లేదో ఆ డేటా చెప్పలేదు. అంకె అదే, శీర్షిక మాత్రం నిలబడదు.

పత్రాల్లో నాకు తరచుగా కనిపించే వాక్యం ‘విశ్లేషణలో శాంపిల్ వెయిట్లు వాడాం’. అక్కడితో ఆగిపోతారు. వెయిట్ శాతాన్ని సరిచేస్తుంది, దాని అనిశ్చితిని సరిచేయదు. క్లస్టర్, వర్గం రెండూ సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. స్టాటాలో ఇది మూడు వరుసల పని:

```
gen wt = v005/1000000
svyset v021 [pweight=wt], strata(v023)
svy, subpop(if v012<25): mean y
```

ఇందులో `v005` వెయిట్, `v021` క్లస్టర్, `v023` వర్గం, `v012` వయసు, `y` మనం కొలిచే సూచిక. వర్గం ఏ నిలువువరుసలో ఉందో రౌండును బట్టి మారవచ్చు, సర్వే పత్రం చూసుకోవాలి. మూడో వరుసలో పాతికేళ్ల లోపువారినే తీసుకుంటున్నప్పుడు మిగతావారిని ఫైలులోంచి తొలగించలేదని గమనించండి. తొలగిస్తే కొన్ని క్లస్టర్లు పూర్తిగా మాయమై దోషం లెక్క తప్పవచ్చు. గృహహింస ప్రశ్నలకు ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే ఎంచుతారు కనుక వాటికి `v005` పనికిరాదు, `d005` వాడాలి. రాష్ట్రాలను విడిగా చూసేవారికి ఇంకో వెయిట్ ఉంటుంది.

క్లస్టర్‌ను పట్టించుకోని ఈ తప్పు ఇంతకాలం నిలవడానికి ఒక కారణం వెయిట్లను తయారుచేసిన తీరులోనే ఉంది. వాటి మొత్తం శాంపిల్ సంఖ్యకు సమానమయ్యేలా సర్దుతారు. అందువల్ల వాటిని మామూలు గుణకాలుగా వాడినా మొత్తం 7 లక్షలే వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. పట్టుకోవడానికి చిన్న ఆనవాలుంది. జాతీయ వెయిట్లతో వేసిన పట్టికలో చిన్న రాష్ట్రాల సంఖ్యలు అసలు అడిగినవారి కంటే బాగా కుదించుకుపోతాయి. అలాంటి సంఖ్యను ‘శాంపిల్ ఇంత’ అని చూపించిన పత్రంలో విశ్వాస అంతరాలను కూడా ఒకసారి సరిచూడాలి. సర్వే నివేదికల చివర నమూనా దోషాల పట్టికలు ఉంటాయి. వాటిలో `DEFT` అనే నిలువువరుస డిజైన్ ఎఫెక్ట్ వర్గమూలం. అక్కడ 1.5 అని ఉంటే డిజైన్ ఎఫెక్ట్ 2.25 అన్నమాట. దాన్నే నేరుగా వాడి శాంపిల్ పరిమాణం తక్కువ వేసుకున్నవారూ ఉన్నారు.

ఒక అంశం మీద మిగతావాటి ప్రభావాన్ని లెక్కించే రిగ్రెషన్‌లలో వెయిట్లు వాడాలా వద్దా అన్నది వేరే తగవు, ఆర్థికశాస్త్రవేత్తలు, సర్వే గణాంకవేత్తలు ఇప్పటికీ ఏకీభవించలేదు. రిగ్రెషన్ మోడల్ సరిగ్గా ఉంటే వెయిట్ లేకపోయినా ఆ ప్రభావం కొలత సరిగ్గానే రావచ్చు, వెయిట్ పెడితే అనవసరంగా దోషం పెరగవచ్చు. రెండు విధాలా వేసి పోల్చి చూపడం మర్యాద. క్లస్టర్ విషయంలో మాత్రం ఆ వెసులుబాటు లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ఐదో సర్వే జరిగినప్పుడు 13 జిల్లాలు, 2022 ఏప్రిల్‌లో అవి 26 అయ్యాయి. పాత డేటాను కొత్త జిల్లాలకు విడగొట్టాలనే ఉత్సాహం సహజమే. కానీ గోప్యత కోసం క్లస్టర్ల స్థానాలను పట్టణంలో 2 కిలోమీటర్ల వరకు, పల్లెల్లో 5 కిలోమీటర్ల వరకు, నూటికి ఒక పల్లె క్లస్టర్‌ను 10 కిలోమీటర్ల వరకు జరిపి ఇస్తారు. కాబట్టి కొత్త సరిహద్దు దగ్గరున్న ఊరు ఎటు పడుతుందో తేలదు. క్లస్టర్లు సగానికి చీలితే ప్రామాణిక దోషం ఇంకో 1.4 రెట్లు పెరుగుతుంది. పైగా వాటిని ఎంచినది పాత జిల్లాలోని పల్లెలు, పట్టణాల వర్గాల నుంచి. కొత్త జిల్లాలో ఏ పట్టణానికి ఎన్ని పడ్డాయన్నది యాదృచ్ఛికమే, ప్రణాళిక ప్రకారం వచ్చినది కాదు.