గదికి మూడున్నర బస్తాలు చాలన్నారు, ఐదెందుకు పట్టాయి? ప్లాస్టరింగ్ లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, దేవరకొండ వైపు ఇళ్లు కట్టిస్తూ చాలా ఏళ్లయింది. సగం ఇళ్లలో ప్లాస్టరింగ్ మూడో రోజు ఒకటే గొడవ: ఇసుక అయిపోయింది, మేస్త్రి కాజేశాడు! చాలాసార్లు మేస్త్రి తప్పేం ఉండదు, లెక్కే తప్పు.

అపోహ: గది ఎన్ని అడుగులుంటే ప్లాస్టరింగ్ అన్నే అడుగులు.

కాదు. 12 బై 10 గది నేల 120 చదరపు అడుగులే. గోడలు పదడుగుల ఎత్తు అనుకుంటే చుట్టూ 44 అడుగులు, అంటే 440. తలుపు, కిటికీ కింద 40 తీసేస్తే 400. స్లాబు కింది భాగం ఇందులో లేదు.

అపోహ: లోపలి గోడకు 12 ఎంఎం మందం వేసుకుంటే సరిపోతుంది.

అసలు గొడవంతా ఇక్కడే. ముందు 12 ఎంఎంకే లెక్క వేద్దాం. 12 ఎంఎం అంటే సుమారు 0.04 అడుగు. 400 చదరపు అడుగులకు 16 సీఎఫ్‌టీ, అంటే 16 ఘనపుటడుగుల తడి మాలు కావాలి. ఇటుకల సందుల్లోకి పోయేది, కింద రాలేది కలిపి 20 శాతం వేసుకుంటే 19 దాటుతుంది. పొడి ఇసుక, సిమెంటు నీళ్లు తగిలాక కుంగుతాయి కాబట్టి దాన్ని 1.3తో గుణిస్తే 25 సీఎఫ్‌టీ పొడి సరుకు. ఒకటికి ఐదు పాళ్లు కలిపితే అందులో ఆరో వంతు సిమెంటు. 50 కిలోల బస్తా 1.22 సీఎఫ్‌టీ ఉంటుంది కాబట్టి దాదాపు మూడున్నర బస్తాలు, ఇసుక 21 సీఎఫ్‌టీ. కాగితం మీద ఇంతే.

కానీ ఇటుక గోడకు రెండు వైపులా ఒకే నునుపు రాదు. మేస్త్రి దారం కట్టి ఒక ముఖమే సాపుగా తెస్తాడు, ఇటుకల పొడవు వెడల్పుల్లో తేడా అంతా రెండో ముఖానికి పోతుంది. అందుకే సాపు వైపు 12 వేసుకుంటే గరుకు వైపు 15 వేసుకోవాలి, బట్టీ ఇటుకలు వంకరగా ఉంటే అదీ చాలదు. మొన్న దేవరకొండ దగ్గర ఒక ఇంట్లో దారం లాగి గదిలో గోడకు తొమ్మిది చోట్ల స్కేలు పెట్టి చూశాం. దారానికీ గోడకూ మధ్య ఎడం కొన్నిచోట్ల 10 ఎంఎం, ఒక మూలన ఏకంగా 28, అన్నిటికీ సగటు 18. మరి 18 ఎంఎంకి అదే లెక్క వేస్తే ఐదు బస్తాల పైన, ఇసుక 31 సీఎఫ్‌టీ. ఆ 28 ఉన్న మూలను ఒకేసారి కొడితే మాలు జారుతుంది, ముందు గరుకు పూత వేసి అది గట్టిపడ్డాక రెండోది వేయాలి.

కొలవడానికి గదికి అరగంట పడుతుంది. ఆ అరగంటకు ఎవరికీ ఓపిక ఉండదు, ఇసుక కోసం మళ్లీ ట్రాక్టర్ పిలిపించడానికి మాత్రం ఉంటుంది!

అపోహ: ట్రాక్టర్‌లో వంద సీఎఫ్‌టీ వచ్చిందంటే ఇసుక వంద ఉన్నట్టే.

తడి ఇసుక ఉబ్బుతుంది, సన్న ఇసుక ఇంకా ఎక్కువ. గాజు సీసాలో తడి ఇసుకను వదులుగా పది అంగుళాలు నింపండి, నీళ్లు పోసి బాగా కలిపి వదిలేయండి, ఎనిమిదికి దిగిందనుకోండి. అంటే రెండు అంగుళాలు వట్టి ఉబ్బే, ఆ వంద సీఎఫ్‌టీలో నిజమైన ఇసుక 80. దేవరకొండ ఇంట్లో ఇదే జరిగింది. 31 సీఎఫ్‌టీ పొడి ఇసుక కావాలంటే తడిది 39 తెప్పించుకోవాలి. కాగితం మీద 21, తెప్పించుకోవాల్సింది 39.

ఈ ఉబ్బు మాలును కూడా పాడు చేస్తుంది. తడి ఇసుక ఐదు పెట్టెలు వేస్తే లోపల ఉన్నది నాలుగే కాబట్టి, మీకు తెలియకుండానే మాలు ఒకటికి నాలుగు అవుతుంది. ఆరుంపావు పెట్టెలు వేస్తేనే ఒకటికి ఐదు.

రోబో ఇసుక తెచ్చేవాళ్లు ప్లాస్టరింగ్ రకమే అడగండి, కాంక్రీటుది దొడ్డుగా ఉంటుంది, జల్లెడ పట్టాక చాలా మిగిలిపోతుంది.

అపోహ: సిమెంటు ఎక్కువ పోస్తే గోడ గట్టిగా ఉంటుంది.

మాలు బలిసినకొద్దీ ఆరేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది, గోడంతా సాలెగూడు లాంటి పగుళ్లు. లోపలి గోడలకు ఒకటికి ఐదు, ఆరు చాలు, స్లాబు కిందికైతే ఒకటికి నాలుగు.

అపోహ: పారలతో లెక్కపెట్టినా ఒకటే.

పొద్దున పార నిండుగా లేస్తుంది, మధ్యాహ్నం మూడింటికి సగమే లేస్తుంది. చెక్కతో అడుగు పొడవు, అడుగు వెడల్పు, 14.7 అంగుళాల ఎత్తు పెట్టె చేయించుకోండి. అది సరిగ్గా ఒక బస్తా సిమెంటు పట్టే కొలత, ఇసుకనూ దాంతోనే పోయించండి. దేవరకొండ ఇంట్లో నాలుగో గది నుంచి ఆ పెట్టె పెట్టాం, ఇక మేస్త్రికీ ఇంటాయనకీ మళ్లీ మాటలు కలిశాయి.