ఎన్ని రోజులు బ్రతికాం, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది: ఈ లెక్కలో అపోహలు, వాస్తవాలు

ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. ప్రతి ఏడాదీ బడి తెరిచాక మొదటి నెలలో పిల్లలతో ఒక లెక్క చేయిస్తాను. పుట్టినప్పటి నుంచి ఈ రోజు దాకా ఎన్ని రోజులు గడిచాయి, ఎన్ని గంటలు గడిచాయి, గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది? చూడటానికి మూడూ గుణకారాలే. కానీ మూడింటి స్వభావం వేరు. రోజులను కచ్చితంగా లెక్కపెట్టవచ్చు. గంటలు చెప్పాలంటే పుట్టిన వేళ తెలియాలి. గుండె చప్పుళ్లను అంచనా మాత్రమే వేయగలం. పిల్లలు, కొన్నిసార్లు తోటి టీచర్లు కూడా, పొరబడేది ఈ తేడా దగ్గరే.

అపోహ: వయసును 365తో గుణిస్తే రోజులు వచ్చేస్తాయి. లీపు సంవత్సరానికి ఒక్కోటి కలిపితే చాలు.

మా తరగతిలో ఒక అబ్బాయి పుట్టిన తేదీ 2012 జూన్ 18. లెక్క చేసిన రోజు 2025 జూలై 10. వాడు 13 × 365 = 4,745 అని రాసి, 2012, 2016, 2020, 2024 లీపు సంవత్సరాలు కదా అని 4 కలిపాడు. అక్కడే ఒక రోజు ఎక్కువైంది. లీపు సంవత్సరంలో అదనంగా వచ్చే రోజు ఫిబ్రవరి 29. 2012లో ఆ రోజు వెళ్లిపోయిన తర్వాతే వాడు పుట్టాడు. కాబట్టి వాడి బ్రతుకులో వచ్చిన ఫిబ్రవరి 29లు మూడే. అదే ఏడాది జనవరిలో పుట్టిన పిల్లలకైతే నాలుగూ వస్తాయి. అందుకే "ఎన్ని లీపు సంవత్సరాలు?" అని అడగడం మానేసి, "నువ్వు ఎన్ని ఫిబ్రవరి 29లు చూశావు?" అని అడుగుతున్నాను. ఆ ఒక్క మాట మార్చాక తప్పులు బాగా తగ్గాయి.

ఇక మిగిలిన ముక్క. జూన్ 18 నుంచి జూన్ 30కి 12 రోజులు, జూలైలో 10, మొత్తం 22. అంటే 4,745 + 3 + 22 = 4,770 రోజులు. పుట్టిన రోజును కూడా ఒక రోజుగా లెక్కపెడితే 4,771. రెండూ తప్పు కావు. గడిచిన రోజులు కావాలా, చూసిన తేదీలు కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి. తరగతిలో సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా చేస్తే గొడవ తప్పదు.

జవాబు సరైనదో కాదో తేల్చడానికి నాకు బాగా ఇష్టమైన పరీక్ష వారం పేరు. 4,770ని 7తో భాగిస్తే శేషం 3. 2012 జూన్ 18 సోమవారం. సోమవారం నుంచి మూడు రోజులు ముందుకు వెళితే గురువారం. 2025 జూలై 10 గురువారమే. ఆ అబ్బాయి మొదట చేసినట్టు 4 కలిపితే గడిచిన రోజులు 4,771 అని వచ్చేవి, అది శుక్రవారం చూపించేది. తప్పు అక్కడే దొరికిపోతుంది. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. తప్పు సరిగ్గా 7 రోజులో, 14 రోజులో అయితే ఇది పట్టుకోలేదు.

అపోహ: రోజులను 24తో గుణిస్తే కచ్చితమైన గంటలు వస్తాయి.

4,770 × 24 = 1,14,480. గుణకారంలో తప్పు లేదు. కానీ పుట్టిన వేళ తెలియకపోతే ఈ జవాబు దాదాపు ఒక రోజంత అటూ ఇటూ కావచ్చు. అందుకే ముందు రోజే ఇంటికి వెళ్లి అమ్మనో నాయనమ్మనో అడిగి రమ్మంటాను. ఈ అబ్బాయి వాళ్లమ్మ "తెల్లారగట్ల, ఆరు గంటలప్పుడు" అందట. మేం లెక్క చేసింది ఉదయం 11 గంటలకు. ఇంకో 5 గంటలు కలిపితే సుమారు 1,14,485.

ఇంటికి వెళ్లి అడిగినందుకు ఇంకో సంగతి కూడా బయటపడింది. బడి రిజిస్టర్‌లో వాడి పుట్టిన తేదీ జూన్ 1 అని ఉంది. బడిలో చేర్చేటప్పుడు ఎవరో అలా రాయించారు. ఆ 17 రోజుల తేడా 408 గంటలు. లెక్క ఎంత శుద్ధంగా చేసినా, మొదట రాసుకున్న తేదీ తప్పైతే జవాబు తప్పే.

అపోహ: గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుంది. నిమిషాలను 72తో గుణిస్తే సరిపోతుంది.

ఈ లెక్కలో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదే. 4,770 రోజులకు 68,68,800 నిమిషాలు. 72తో గుణిస్తే 49,45,53,600. పిల్లలు ఈ సంఖ్యను చివరి అంకె దాకా ఎంతో శ్రద్ధగా రాస్తారు. కానీ 72 అనేది పెద్దవాళ్లకు, అదీ విశ్రాంతిగా ఉన్నప్పుడు, చెప్పుకునే సగటు. పసిబిడ్డ గుండె నిమిషానికి సుమారు 130 సార్లు కొట్టుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ వేగం తగ్గుతూ వస్తుంది.

అందుకని బోర్డు మీద వయసును ముక్కలు చేస్తాం. ఏడాదికి సుమారు 5.26 లక్షల నిమిషాలు. మొదటి ఏడాదికి నిమిషానికి 130 అనుకుంటే 6.8 కోట్లు. తర్వాతి రెండేళ్లకు 110 చొప్పున 11.6 కోట్లు. మూడు నుంచి ఆరేళ్ల దాకా 100 చొప్పున 15.8 కోట్లు. అక్కడి నుంచి ఇప్పటి దాకా, ఏడేళ్లకు కాస్త పైన, 85 చొప్పున 31.6 కోట్లు. మొత్తం దాదాపు 66 కోట్లు. 72తో చేసిన లెక్కకూ దీనికీ తేడా 16 కోట్లు.

ఇప్పటి వేగాన్ని పిల్లలే కొలుస్తారు. మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోవాలి. బొటనవేలితో పట్టుకుంటే దాని నాడే తగిలి లెక్క తప్పుతుంది. ముందు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. కబడ్డీ ఆడి వచ్చిన వెంటనే కొలిచిన వాళ్లకు 110 దాటి వస్తుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించడం సులువే, కానీ అక్కడ ఒక్క దెబ్బ తప్పినా నిమిషానికి నాలుగు తేడా వస్తుంది. ఆ తేడాను 68 లక్షల నిమిషాలకు విస్తరిస్తే 2.7 కోట్లు దాటుతుంది. అందుకే నిండు నిమిషం లెక్కపెట్టిస్తాను.

పైన వాడిన వేగాలు కూడా సగటులే. అవి పదో వంతు అటూ ఇటూ అయితే జవాబు 59 కోట్ల నుంచి 72 కోట్ల దాకా మారుతుంది. అందుకని నోట్సులో "60 నుంచి 70 కోట్ల మధ్య" అని రాయిస్తాను. "అంత మోటుగా రాస్తే మార్కులు పోవా టీచర్?" అని అడుగుతారు. ఈ లెక్కలో చివరి ఆరంకెలు రాసినవాళ్లకే మార్కులు తగ్గిస్తానని చెబుతాను. ఇంకో మాట కూడా చెబుతాను. అమ్మ కడుపులో ఆరో వారం నాటికే గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. మనం లెక్కపెడుతున్నది పుట్టిన తర్వాత కొట్టుకున్నవే.

అపోహ: మనిషికి ఇన్ని గుండె చప్పుళ్లని రాసిపెట్టి ఉంటుంది. పరిగెత్తితే త్వరగా అయిపోతాయి.

పోయినేడు ఒక అమ్మాయి భయంభయంగా అడిగింది. "టీచర్, నేను ఖోఖో ఆడితే నా లెక్క తగ్గిపోతుందా?" అని. ఇంట్లో ఎవరో అలా అన్నారట. ఆ భయాన్ని మాటలతో కొట్టిపారేయకుండా అక్కడే లెక్క వేయించాను. రోజూ ఆడే మనిషికి విశ్రాంతిలో నిమిషానికి 60, ఆడే గంటలో 140 అనుకుందాం. 23 గంటలకు 82,800, ఆ గంటకు 8,400. మొత్తం 91,200. అసలు ఆడకుండా రోజంతా 72తో ఉన్న మనిషికి 1,03,680. ఆడే మనిషి గుండే రోజుకు 12 వేలసార్లు తక్కువ కొట్టుకుంది. క్రమం తప్పకుండా ఆడితే గుండె బలపడి ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది, అందుకే విశ్రాంతిలో వేగం తగ్గుతుంది. అది ఒకటి రెండు రోజుల్లో కనిపించదు, నెలలు పడుతుంది. ఆ అమ్మాయి తన నాడిని వారానికోసారి, పొద్దున్నే లేవగానే మంచం మీదే కొలిచి నోట్సు వెనక పేజీలో రాసుకోవడం మొదలుపెట్టింది.